టికెట్ క్లోజ్ అయింది, పని కాలేదు

పత్తి సీజన్‌లో వరంగల్ చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లుల ముందు రాత్రిపూట కూడా ట్రాక్టర్లు, డీసీఎంలు లైన్ కట్టి ఉంటాయి. బండి కాంటా ఎక్కగానే నిండు బరువు తీస్తారు. పత్తి దించాక ఖాళీ బండిని మళ్లీ తూస్తారు. తేమ శాతం చూసి లెక్క కట్టాక రైతు చేతికి చీటీ వస్తుంది. ఆ చీటీ కొట్టే సాఫ్ట్‌వేర్‌ను చూసుకునే చిన్న టీమ్‌లో నేను పనిచేస్తాను. మా ఆఫీసు హనుమకొండలో ఉంది.

ఒక నవంబర్ చివర్లో, రాత్రి తొమ్మిదీ నలభైకి మా సర్వర్‌లో డిస్క్ నిండిపోయి డేటాబేస్ ఆగిపోయింది. ముప్పై మిల్లుల్లో ఒకేసారి చీటీలు ఆగాయి. మళ్లీ నిలబెట్టడానికి రెండు గంటల పది నిమిషాలు పట్టింది. అప్పటిదాకా మిల్లుల్లో గుమస్తాలు తెల్లకాగితాల మీద బరువులు రాసుకున్నారు, రైతులు చలిలో బండ్ల మీదే కూర్చున్నారు. రెండు రోజుల తర్వాత కూర్చుని పోస్ట్‌మార్టమ్ రాశాం. ఎవరి తప్పు అని కాకుండా, ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్లీ జరగకుండా ఏం చేయాలి అన్నవి రాసుకోవడం దాని పద్ధతి. చివర్లో ఏడు పనులు తేలాయి, ఒక్కో పనికి ఒక టికెట్ తెరిచి పట్టికలో పెట్టాం. పదిహేను రోజుల్లో వాటిలో ఐదు క్లోజ్ అయ్యాయి.

జనవరి మొదటి వారంలో అదే డిస్క్, అదే కారణంతో మళ్లీ నిండింది.

పోస్ట్‌మార్టమ్ బాగా రాయడం గురించి మన టీముల్లో చాలా మాట్లాడుకుంటాం. అందులోంచి వచ్చిన పనుల గతి ఏమైందన్నది మాత్రం టికెట్ల పట్టికకే వదిలేస్తాం. ఆ ఏడు పనులను ఒక్కొక్కటిగా తీసి చూస్తే చిక్కు ఎక్కడ పడుతుందో తెలుస్తుంది. ముందు ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పాలి, లేకపోతే పనులు అర్థం కావు.

మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. అడ్తి దుకాణంలో లెక్కలు ముందు చిట్టాలో ఎక్కించి, తర్వాత ఆవర్జాలోకి మార్చినట్టే, పోస్ట్‌గ్రెస్ కూడా ప్రతి మార్పును ముందు వాల్ అనే చిట్టాలో రాస్తుంది, తర్వాత అసలు టేబుళ్లలోకి ఎక్కిస్తుంది. పని అయిపోయిన చిట్టా ఫైళ్లను తానే తీసేస్తుంది, లేదా మళ్లీ వాడుకుంటుంది. అయితే ఆ చిట్టా చదివి కాపీ ఉంచుకునే రెండో సర్వర్ ఉన్నప్పుడు, దాని కోసం స్లాట్ ఒకటి పెడతాం. స్లాట్ అంటే ఒక మాట ఇవ్వడం: ‘నువ్వు చదివేదాకా ఈ పేజీలు చింపను’ అని. రెండో సర్వర్‌ను తీసేసి స్లాట్‌ను మరిచిపోతే ఆ మాట అలాగే నిలిచి ఉంటుంది. చదివేవాళ్లు లేరు, చింపేవాళ్లూ లేరు. చిట్టా పెరుగుతూనే ఉంటుంది.

మాకు జరిగింది అదే. రిపోర్టుల కోసం పెట్టిన సర్వర్‌ను నవంబర్ మొదట్లో తీసేశాం, స్లాట్ మిగిలిపోయింది. డిస్క్ వంద జీబీ. అందులో డేటాబేస్ 35, మిగతా సరంజామా 8 పోగా ఖాళీ 57 జీబీ. సీజన్‌లో మా చిట్టా రోజుకు దాదాపు 2.7 జీబీ పెరుగుతుంది. ఇరవై ఒక్క రోజుల్లో ఆ ఖాళీ అంతా నిండింది. వేసవిలో అయితే చీటీలే ఉండవు కాబట్టి నెలల తరబడి ఎవరికీ తెలిసేది కాదు. ఆ రాత్రి డిస్క్‌ను నూట యాభైకి పెంచి డేటాబేస్‌ను లేపాం. స్లాట్ తీసేశాక, తర్వాతి చెక్‌పాయింట్‌కు చిట్టా ఖాళీ అయింది. చెక్‌పాయింట్ అంటే, అప్పటిదాకా చిట్టాలో రాసిన మార్పులన్నీ టేబుళ్లలోకి ఎక్కించి, అక్కర్లేని చిట్టా ఫైళ్లను తీసేసే ఘట్టం.

ఇక ఆ ఏడు పనులు. సర్వర్ తీసేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. డిస్క్ నిండుతుంటే హెచ్చరిక రావాలి. స్లాట్ కోసం దాచే చిట్టాకు పరిమితి పెట్టాలి. సర్వర్ తీసే పనికి చెక్‌లిస్ట్ రాయాలి. డిస్క్ పెంచాలి. మానిటరింగ్ మెరుగుపరచాలి. బ్యాకప్ నుంచి డేటాబేస్‌ను ఒకసారి నిలబెట్టి చూడాలి. క్లోజ్ అయినవి మొదటి ఐదు.

జనవరిలో డిస్క్‌ను నింపిన స్లాట్ వేరేది. మొదటి ప్రమాదం జరిగిన వారంలోనే, డేటాను ఇంకోచోటికి పంపే ఒక టూల్‌ను ట్రయల్‌గా పెట్టి చూశాం. నచ్చలేదు, తీసేశాం. అది సృష్టించిన స్లాట్ ఉండిపోయింది. ఈసారి ఖాళీ 107 జీబీ, కాబట్టి నలభై రోజులు పట్టింది. అంటే ‘డిస్క్ పెంచాలి’ అన్న పని ప్రమాదాన్ని ఆపలేదు, సంక్రాంతి ముందుకు జరిపింది అంతే. చెక్‌లిస్ట్ కూడా పనికిరాలేదు. అది సర్వర్ తీసేటప్పుడు చూసుకునేది, ఇక్కడ సర్వర్ ఏదీ తీయలేదు కదా.

ఈ రెండూ తప్పిపోవడం నాకు అర్థమయ్యేదే. మిగతా రెండు, హెచ్చరిక, పరిమితి, ఏ స్లాట్ అయినా ఆపాల్సినవే. అవే ఎందుకు ఆపలేదు?

పరిమితి పెట్టే పని చేసింది మా డేటాబేస్ చూసే తమ్ముడు. జనవరిలో ఆ రాత్రి నేను ఫోన్ చేస్తే, ‘అన్నా, నేను ఫైల్‌లో పెట్టిన కదా, ఇరవై జీబీ అని పెట్టిన’ అన్నాడు. నిజమే, పెట్టాడు. సెట్టింగ్ ఫైల్ `postgresql.conf` తెరిస్తే ఆ లైన్ కనిపిస్తోంది, స్పెల్లింగ్ కూడా సరిగ్గా ఉంది. కానీ నడుస్తున్న డేటాబేస్‌ను అడిగితే వచ్చిన జవాబు ఇది:

```
SHOW max_slot_wal_keep_size;
 max_slot_wal_keep_size
------------------------
 -1
```

మైనస్ ఒకటి అంటే పరిమితి లేదని. ఫైల్ మార్చాక డేటాబేస్‌ను రీలోడ్ చేయాలి, అంటే ఆ ఫైల్‌ను మళ్లీ చదవమని చెప్పాలి, రీస్టార్ట్ కూడా అక్కర్లేదు, ఒక్క రీలోడ్ చాలు. అది జరగలేదు. అతను ఫైల్ మార్చిన రోజు మధ్యలో ఇంకో మిల్లు నుంచి ప్రింటర్ సమస్య వచ్చింది, అటు వెళ్లి, తిరిగి వచ్చి టికెట్ క్లోజ్ చేశాడు. చేసిన మనిషి అబద్ధం ఆడలేదు, బద్ధకించలేదు. ఆ టికెట్ మీద ‘పరిమితి పెట్టాలి’ అని మాత్రమే ఉంది. పెట్టాడు.

హెచ్చరిక సంగతి ఇంకా బాధగా ఉంటుంది. అది పనిచేసింది. 85 శాతం దాటగానే, అంటే ఇంకా 22 జీబీ ఖాళీ ఉండగానే, డేటాబేస్ ఆగడానికి ఎనిమిది రోజుల ముందు మెయిల్ పంపింది. తర్వాత రోజూ పంపింది. అవి వెళ్లింది టీమ్ పేరు మీద ఉన్న ఒక ఉమ్మడి మెయిల్ పెట్టెకు. బ్యాకప్ అయిందని, లాగిన్ అయ్యారని రోజూ వందలాది మెయిళ్లు దానికే వస్తాయి. ఆ పెట్టెను తెరిచి చూసే బాధ్యత ఏ ఒక్కరి పేరు మీదా లేదు. టికెట్ మీద ఓనర్ దగ్గర కూడా ‘సపోర్ట్ టీమ్’ అని ఉంది.

ఇది మా ఒక్కరి కథ కాదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్ సర్వర్ మీదే డేటా ఫోల్డర్‌ను తీసేశాడు. దాదాపు 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలాక ఆపగలిగాడు. బ్యాకప్ కోసం వెతికితే, రోజూ తీస్తున్నామనుకున్న కాపీలు లేవు. బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ 9.2 వెర్షన్‌ది, డేటాబేస్ 9.6ది, అందుకని రోజూ విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే మెయిళ్లు కూడా వెళ్తున్నాయి, కానీ వాటికి సరైన సంతకం లేక అవతలి మెయిల్ సర్వర్ తిప్పికొడుతోంది. చివరికి, వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన ఒక కాపీ వాళ్లను కాపాడింది. ఆ ఆరు గంటల డేటా పోయింది. వాళ్లు దాచకుండా ప్రచురించిన పోస్ట్‌మార్టమ్‌లో, బ్యాకప్‌ను ఎప్పటికప్పుడు ఎందుకు పరీక్షించలేదు అన్న ప్రశ్నకు సూటిగా జవాబు రాశారు: దానికి ఓనర్ లేడు, అందుకే పరీక్షించే బాధ్యత ఎవరికీ లేదు. తర్వాత చేయాల్సిన పనుల్లో డేటా భద్రతకు ఒక ఓనర్‌ను పెట్టడం కూడా చేర్చారు.

మన దగ్గర చెరువు తూము దగ్గర నీరటి ఒకరు ఉండేవారు. ఆయకట్టు అందరిదీ, నీళ్లు అందరివీ, కానీ తూము ఎత్తేది, దించేది నీరటే. రాత్రి వాన పడితే ఎవరి తలుపు కొట్టాలో ఊరంతటికీ తెలుసు. టికెట్ మీద ఓనర్ అంటే నాకు ఆ తలుపే గుర్తొస్తుంది. జనవరి తర్వాత మేం మార్చిన మొదటి సంగతి ఇదే: టీమ్ పేరు రాయడం మానేశాం, ఒక మనిషి పేరే రాస్తున్నాం. పేరు రాసేటప్పుడు రెండు అడుగుతాం. ఆ పని చేయడానికి కావాల్సిన యాక్సెస్ ఆ మనిషికి ఉందా? ఆ గంటల కోసం అతని ప్రస్తుత పనుల్లోంచి ఏది పక్కకు జరుగుతోంది? రెండో ప్రశ్నకు మేనేజర్ అక్కడికక్కడే జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే ఆ పేరు కాగితం మీది పేరే. మీటింగ్‌కు రాని మనిషి మీద పని వేయకూడదని కూడా అనుకున్నాం. సెలవు నుంచి వచ్చి చూస్తే తన పేరు మీద నాలుగు టికెట్లు ఉండటం ఎలా ఉంటుందో నాకు అనుభవమే.

ఏది ముందు చేయాలన్న చోట మేం చేసిన పొరపాటు వేరే రకం. ఏడు పనులకూ ‘హై’ అని పెట్టాం. ప్రమాదం జరిగిన రెండు రోజులకు రాస్తాం కాబట్టి అందరి గుండెల్లో ఇంకా ఆ టెన్షన్ ఉంటుంది, దేన్నీ తక్కువ అనబుద్ధి కాదు. అన్నీ హై అయినప్పుడు మనిషి సులువైనది ముందు చేస్తాడు. మా ఐదు క్లోజ్‌లలో మొదటిది ‘జాగ్రత్తగా ఉండాలి’. వాట్సాప్ గ్రూప్‌లో ఒక మెసేజ్ పెట్టి, అరగంటలో క్లోజ్ చేశారు. రెండోది ‘డిస్క్ పెంచాలి’, అది ఆ రాత్రే అయిపోయింది. పట్టికలో రెండు పచ్చ టిక్కులు వచ్చాయి, ఎవరికీ ఏమీ మారలేదు.

ఇప్పుడు ప్రతి పనినీ ఒకే ప్రశ్నతో తూస్తాం: ఇదొక్కటే ముందే ఉండి ఉంటే, ఆ రాత్రి ఆగేదా? ఆగకపోయినా, ఎంతసేపు తగ్గేది? ఏడింటినీ ఈ కాంటా మీద పెట్టండి. పరిమితి ఉంటే డేటాబేస్ అసలు ఆగేదే కాదు. హెచ్చరిక సరైన మనిషికి చేరితే ఎనిమిది రోజుల సమయం దొరికేది. చెక్‌లిస్ట్ మొదటిసారి బహుశా ఆపేది, చూడటం గుర్తుంటే. మనిషి గుర్తుపెట్టుకోవడం మీద ఆధారపడే పని, మనిషి మరిచినా దానంతట అదే ఆపే పనికంటే ఎప్పుడూ వెనకే. ‘జాగ్రత్తగా ఉండాలి’ కాంటా మీద ముల్లు కదల్చదు. అది పని కాదు, కోరిక. ‘మానిటరింగ్ మెరుగుపరచాలి’ కూడా అంతే, ఎక్కడ అయిపోతుందో తెలియని పనిని ఎవరూ మొదలుపెట్టరు. ఆ రెండింటినీ కొట్టేశాం.

బ్యాకప్ పని కాస్త చిక్కుది. అది ఉన్నా ఆ రాత్రి ఆగేది కాదు. కానీ ఆ రెండు గంటల పది నిమిషాల్లో నలభై నిమిషాలు మేం ‘డేటా పాడైతే ఎలా, బ్యాకప్ పనిచేస్తుందా’ అని భయపడుతూ, ఏ కమాండ్ కొట్టాలన్నా చేయి వణుకుతూ గడిపాం. అందుకే దాన్ని మూడో పనిగా ఉంచాం. రెండు వారాల్లో మూడు పనులు, అంతకు మించి తీసుకోం. మిగిలినవి ‘తర్వాత’ అనే గోతిలో పడకుండా, చేయకూడదనుకుంటే చేయం అని రాసి, ఎవరు నిర్ణయించారో, ఎందుకో ఒక వాక్యం రాసి మూసేస్తాం.

మూయడంలో కూడా తేడా ఉండాలని నాకు అనిపించింది అమెరికా రవాణా ప్రమాదాల విచారణ బోర్డు ఎన్‌టీఎస్‌బీ పద్ధతి చూశాక. విమానమో రైలో ప్రమాదానికి గురైతే ఆ బోర్డు విచారించి సిఫారసులు చేస్తుంది, వాటిని అమలు చేయించే అధికారం దానికి లేదు. అందుకే ప్రతి సిఫారసు గతినీ ఏళ్ల తరబడి వెంటాడుతుంది. మూసేటప్పుడు కేవలం మూశాం అనదు. సంతృప్తికరంగా చేశారు కాబట్టి మూశాం, లేదా చేసింది సరిపోదు అయినా మూస్తున్నాం, అని తేడాగా రాస్తుంది. మా పట్టికలో ‘క్లోజ్డ్’ అన్న ఒక్క మాట ఉండేది. దాని కింద చేసినది, సగం చేసినది, వదిలేసినది అన్నీ కలిసిపోయాయి. ఇప్పుడు మూడు మాటలున్నాయి: చేశాం, చూశాం, చేయం. పని చేసిన మనిషి ‘చేశాం’ వరకే మార్చగలడు. ‘చూశాం’ అన్నది ఇంకొకరు రాయాలి.

ఆ చూడటం ఎలా ఉండాలన్నదే అసలు సంగతి. సెట్టింగ్ ఫైల్ తెరిచి లైన్ ఉందా అని చూడటం చూడటం కాదు, అది జనవరిలో కూడా ఉంది. ప్రమాదాన్ని చిన్నగా మళ్లీ జరిపించి, ఈసారి ఆగిందా అని చూడాలి. పరిమితి పనికి మేం చేసింది ఇది. ట్రయల్స్ కోసం ఉంచిన సర్వర్‌లో పరిమితిని ఒక జీబీకి తగ్గించి రీలోడ్ చేశాం. తర్వాత ఎవరూ చదవని స్లాట్‌ను కావాలనే పెట్టాం:

```
SELECT pg_create_physical_replication_slot('pariksha', true);
```

ఆ చివరి `true` ముఖ్యం. అది లేకపోతే స్లాట్ వెంటనే చిట్టాను పట్టి ఉంచదు, పరీక్ష ఉత్తుత్తిదవుతుంది. తర్వాత ఒక పెద్ద టేబుల్‌ను నింపుతూ మూడు జీబీల చిట్టా పుట్టించాం. `CHECKPOINT` కొట్టి స్లాట్లను చూశాం:

```
SELECT slot_name, active, wal_status
FROM pg_replication_slots;
```

`wal_status` దగ్గర `lost` అని వచ్చింది. అంటే డేటాబేస్ తన మాట తానే వెనక్కు తీసుకుంది, పేజీలు చింపేసింది, డిస్క్ బతికింది. ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ కొలత చెక్‌పాయింట్ దగ్గరే జరుగుతుంది కాబట్టి రెండు చెక్‌పాయింట్ల మధ్య చిట్టా పరిమితిని దాటి కొంత పెరగవచ్చు, డిస్క్‌లో ఆ మేరకు ఖాళీ ఉంచుకోవాలి. పరీక్ష అయ్యాక ఆ `pariksha` స్లాట్‌ను తీసేయాలి. జనవరిలో మమ్మల్ని ముంచింది ఒక ట్రయల్ మిగిల్చిన స్లాటే. అసలు సర్వర్‌లో మాత్రం ప్రమాదం జరిపించలేదు, `SHOW` కొట్టి `20GB` అని వచ్చిన జవాబును టికెట్‌లో అతికించాం.

ఆ ఇరవై జీబీకి ఒక ధర ఉంది, అది కూడా టికెట్‌లో రాశాం. రోజుకు 2.7 జీబీ లెక్కన అది దాదాపు వారం చిట్టా. అసలైన కాపీ సర్వర్ వారం కంటే ఎక్కువ పడిపోయి ఉంటే దాని స్లాట్ కూడా పోతుంది, ఆ సర్వర్‌ను మొదటి నుంచి కట్టుకోవాలి. చీటీలు ఆగడం కంటే అది మేలని మేనేజర్ ఒప్పుకుని సంతకం పెట్టారు.

హెచ్చరిక పరీక్షకు డిస్క్ నింపే అవసరం రాలేదు. అసలు సర్వర్‌లోనే, హెచ్చరిక గీతను 85 నుంచి ఆ క్షణంలో ఉన్న వాడకం కంటే కిందికి దించాం, ఎవరికీ ముందుగా చెప్పకుండా, ఒక ఆదివారం సాయంత్రం. మొదటిసారి ఏమీ మోగలేదు. డ్యూటీలో ఉన్న తమ్ముడు ఫోన్ మార్చాడు, కొత్త ఫోన్‌లో యాప్‌కు నోటిఫికేషన్ అనుమతి ఇవ్వలేదు. టికెట్ ‘చేశాం’ దగ్గరే ఆగింది. వారం తర్వాత మళ్లీ దించితే నాలుగో నిమిషంలో ఫోన్ మోగింది. అతను ఎత్తి, డిస్క్ చూసి, ‘అన్నా, టెస్టా ఇది?’ అని నాకు ఫోన్ చేశాడు. అప్పుడు ‘చూశాం’ అని రాసి, గీతను తిరిగి 85కు ఎత్తాం. ఎత్తామని ఇంకొకరు చూశారు.

ఫోన్ సంగతి ఇంకోటి కూడా చెప్పింది. ఒకసారి చూసిన పని ఎల్లకాలం నిలవదు. ఫోన్లు మారతాయి, మనుషులు హైదరాబాద్‌కు వెళ్లిపోతారు, సర్వర్‌ను కొత్తగా కట్టినప్పుడు పాత ఫైల్‌లోని ఆ ఒక్క లైన్ రాదు. అందుకే `SHOW` జవాబును, `active` కాని స్లాట్లను రోజూ పొద్దున్నే ఒక స్క్రిప్ట్ అడుగుతుంది. పరిమితి `-1` అయినా, చదవని స్లాట్ ఒకరోజు దాటినా డ్యూటీ ఫోన్ మోగుతుంది. ఫోన్ మోగడాన్ని మాత్రం స్క్రిప్ట్ చూడలేదు. దాన్ని ఏటా పత్తి రాకముందు, సెప్టెంబర్‌లో చేత్తోనే పరీక్షిస్తున్నాం.

మూడో పని, బ్యాకప్, ఇంకా ‘చేశాం’ దగ్గరే ఉంది. కాపీ నుంచి డేటాబేస్ లేచింది, గంటా పది నిమిషాలు పట్టింది, కానీ అప్పుడు చేసింది దాన్ని రాసిన మనిషే. రాసిన కాగితం చూసుకుంటూ ఇంకొకరు, అతన్ని ఏమీ అడగకుండా, నిలబెట్టాలి. టికెట్ మీద ఇప్పుడున్న వాక్యం ఇది: ‘ఈ నెల ఇరవైలోపు, బిల్లింగ్ చూసే చెల్లెలు ఒక్కతే కూర్చుని, నిన్నటి చివరి చీటీ నంబర్ స్క్రీన్ మీద చూపించాలి.’